మారటోరియం వాయిదాలకే, వడ్డీకి కాదు: 8 లక్షల విద్యారుణం 10.8 లక్షలు ఎలా అవుతుంది

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగు చదువు కోసం నాలుగేళ్ల క్రితం బ్యాంకులో 8 లక్షల విద్యారుణం తీసుకున్నాం. ఏటా 2 లక్షల చొప్పున బ్యాంకే కాలేజీకి కట్టింది. చదువు అయ్యాక ఇంకో ఏడాది వరకు ఏమీ కట్టనక్కర లేదన్నారు కాబట్టి మేమూ కట్టలేదు. ఇప్పుడు చదువు పూర్తయింది. స్టేట్‌మెంటు తీస్తే బాకీ 10 లక్షలు చూపిస్తోంది. వడ్డీ రేటు 10 శాతం. ఈ లెక్క సరైనదేనా? ఇప్పుడే ఏమైనా కట్టడం మంచిదా, అబ్బాయికి ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చా?

సమాధానం:

లెక్క సరైనదే. పైగా మీ బ్యాంకు మీ దగ్గర బారువడ్డీయే వేస్తోందని ఆ 10 లక్షల అంకె చూస్తేనే తెలుస్తోంది. ఇది మీకు అనుకూలమైన విషయం. దాన్ని ఎలా వాడుకోవాలో కింద చెబుతాను.

బ్యాంకు రుణాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఎక్కువ మంది తల్లిదండ్రులు తడబడేది ఒకచోటే. మారటోరియం అంటే కట్టవలసిన బాధ్యతకు విరామం. వడ్డీకి విరామం కాదు. డబ్బు కాలేజీ ఖాతాలో పడిన రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. మీరు కట్టనంత మాత్రాన అది ఆగదు, ఒక పక్కన పోగవుతూ ఉంటుంది. బ్రాంచిలో "ఏమీ కట్టనక్కర లేదు" అని చెప్పిన మాట అబద్ధం కాదు. "కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది" అనే రెండో సగాన్ని ఎవరూ చెప్పరు, అంతే.

మీ 10 లక్షలు ఎలా వచ్చాయో చూద్దాం. 8 లక్షలూ ఒకేసారి తీసుకోలేదు కదా, విడతలుగా వెళ్లాయి. మొదటి సంవత్సరం ఆరంభంలో వెళ్లిన 2 లక్షలకు నాలుగేళ్ల వడ్డీ పడింది. ఏడాదికి 20 వేల చొప్పున అది 80 వేలు. రెండో విడతకు మూడేళ్లు, అంటే 60 వేలు. మూడో విడతకు 40 వేలు, నాలుగో విడతకు 20 వేలు. అన్నీ కలిపితే 2 లక్షలు. అసలు 8 లక్షలు, వడ్డీ 2 లక్షలు.

ఇక మిగిలిన ఏడాది చూడండి. ఇప్పుడు 8 లక్షలూ బ్యాంకు నుంచి బయటికి వచ్చేసి ఉన్నాయి కాబట్టి ఈ ఒక్క ఏడాదికే 80 వేల వడ్డీ పడుతుంది. చదువు మొదలైన ఏడాది పడింది 20 వేలే. "ఇంకో ఏడాదే కదా" అనుకునే ఈ చివరి ఏడాది మొదటి ఏడాదికి నాలుగింతలు ఖరీదు. ఏడాది ముగిసేసరికి వడ్డీ 2 లక్షల 80 వేలు, మొత్తం బాకీ 10 లక్షల 80 వేలు అవుతుంది.

ఇంతవరకు జరిగినదానిలో గాభరా పడవలసింది ఏమీ లేదు. అసలు సంగతి మారటోరియం ముగిసే రోజున జరుగుతుంది. ఆ రోజు బ్యాంకు పక్కన పోగైన 2 లక్షల 80 వేలను తీసుకువచ్చి అసలులో కలిపేస్తుంది. అంతకుముందు రోజు వరకు అది వడ్డీ, దానిపై మళ్లీ వడ్డీ పడేది కాదు. మర్నాటి నుంచి అదీ అసలే. ఇకపై 10 శాతం వడ్డీ 8 లక్షలపై కాదు, 10 లక్షల 80 వేలపై పడుతుంది. ఈఎంఐ కూడా ఆ మొత్తం మీదే కడతారు. బ్యాంకులు సాధారణంగా అనుసరించే భారత బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణ పథకంలోనే ఈ పద్ధతి ఉంది. చదువుకునే కాలంలో వడ్డీ కట్టడం విద్యార్థి ఇష్టం, కట్టకపోతే పోగైన వడ్డీని అసలుకు కలిపి ఈఎంఐ నిర్ణయిస్తారు.

పదేళ్ల గడువు అనుకుని లెక్క వేస్తే తేడా ఇలా కనిపిస్తుంది. వడ్డీ అంతా ఎప్పటికప్పుడు కట్టేసి ఉంటే 8 లక్షలకు నెలవారీ ఈఎంఐ 10,572 రూపాయలు అయ్యేది. ఏమీ కట్టకుండా ఆ రోజుకు చేరితే 10 లక్షల 80 వేలకు ఈఎంఐ 14,272 రూపాయలు. నెలకు 3,700 తేడా. 120 నెలలకు అది 4 లక్షల 44 వేలు. అంటే అసలులో కలిసిన 2 లక్షల 80 వేలను తీర్చడానికి మీ అబ్బాయి 4 లక్షల 44 వేలు కట్టాలి. ఇందులో 1 లక్షా 64 వేలు పూర్తిగా వడ్డీ మీద వడ్డీ.

కంప్యూటర్‌లో ఎక్సెల్ ఉంటే ఎవరి మాటా నమ్మకుండా మీరే చూసుకోవచ్చు. ఒక గడిలో ఇది టైపు చేయండి:

```
=PMT(10%/12,120,-1080000)
```

14,272 వస్తుంది. 1080000 తీసి 800000 పెడితే 10,572. మీ అసలు అంకె, మీ రేటు, మీ నెలలు పెట్టుకుని ఆడించి చూడండి.

దీన్నే ఇంకో కోణంలో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మొదటి నెల ఈఎంఐ 14,272 కడితే అందులో 9,000 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 5,272 మాత్రమే. ఇలా నెలనెలా కడుతూ పోతే బాకీ 8 లక్షల కిందికి దిగేది 45వ ఈఎంఐతో. అంటే ఉద్యోగంలో చేరి దాదాపు మూడున్నర, నాలుగేళ్లు క్రమం తప్పకుండా 6 లక్షల 40 వేల పైచిలుకు కట్టాక, మీరు మొదట తీసుకున్న అప్పు దగ్గరికి వచ్చి నిలబడతారు. నాలుగో ఏడాదిలో బ్యాంకుకు వచ్చి "ఇంత కట్టినా బాకీ తగ్గలేదేమిటి" అని గొడవపడే పిల్లల్ని ఎంతోమందిని చూశాను. పొరపాటు ఏమీ ఉండదు. వాళ్లు అప్పటిదాకా తీర్చింది చదువుకునే రోజుల్లో పోగైన వడ్డీని.

ఇప్పుడు బారువడ్డీ, చక్రవడ్డీ సంగతి. నమూనా పథకం ప్రకారం చదువుకునే కాలంలోనూ ఈఎంఐ మొదలయ్యే వరకూ బారువడ్డీయే వేయాలి. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో సాధారణంగా ఇదే నడుస్తుంది. కానీ ఆ పథకం ఒక నమూనా మాత్రమే. ప్రైవేటు రుణసంస్థల్లో, ముఖ్యంగా బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీల్లో, నెలనెలా వడ్డీని అసలుకు చేర్చే ఒప్పందాలు ఉంటాయి. అక్కడ మారటోరియం ముగిసే రోజు కోసం ఎదురుచూడనక్కర లేదు. వడ్డీ అసలుగా మారడం ప్రతి నెలా జరుగుతూనే ఉంటుంది. మీలాంటి రుణమే, ఇదే 10 శాతం, కానీ నెలవారీ చక్రవడ్డీ అయితే ఐదేళ్ల చివర బాకీ 10 లక్షల 80 వేలు కాదు, సుమారు 11 లక్షల 41 వేలు. ఈఎంఐ 15,074. పైగా అలాంటి చోట్ల రేటు కూడా 10 శాతం దగ్గర ఆగడం అరుదు.

మీది ఏదో తేల్చుకోవడానికి మంజూరు పత్రం చదవడం ఒక దారి. అది దొరకకపోయినా, చదివి అర్థం కాకపోయినా, స్టేట్‌మెంటే చెబుతుంది. కొత్త విడత ఏదీ విడుదల కాని కాలంలో, ఒకే సంఖ్యలో రోజులున్న రెండు నెలల వడ్డీని పక్కపక్కన పెట్టి చూడండి. ఉదాహరణకు ఆగస్టు మొదట్లో 2 లక్షలు వెళ్లాయనుకుందాం. ఆగస్టుకు 31 రోజులు, 10 శాతం చొప్పున వడ్డీ 1,699 రూపాయలు. మరుసటి ఏడాది జులైకీ 31 రోజులే. అప్పటికీ 1,699 పడిందంటే అది బారువడ్డీ. 1,860 దాకా పెరిగిందంటే వడ్డీ మీద వడ్డీ నడుస్తోంది. 30 రోజుల నెలను 31 రోజుల నెలతో పోల్చి కంగారు పడకండి, రోజుల లెక్క వల్ల ఆ మాత్రం తేడా ఉంటుంది. మధ్యలో రేటు మారి ఉంటే అదీ చూసుకోవాలి, ఎందుకంటే విద్యారుణాల్లో ఎక్కువ భాగం మారే రేటువి.

ఇక్కడ చాలామందిని తికమక పెట్టేది ఒకటుంది. బారువడ్డీ ఖాతాలో కూడా పడిన వడ్డీని బాకీ వరుసలో కలిపే చూపిస్తారు. అందుకే మీ స్టేట్‌మెంటులో 10 లక్షలు కనిపించింది. బాకీ అంకె పెరగడం వేరు, పెరిగిన అంకె మీద వడ్డీ పడటం వేరు. మొదటిది చూసి చక్రవడ్డీ అనుకోకూడదు. నెలనెలా పడే వడ్డీ అంకెనే చూడాలి.

ఇక మీరు అడిగిన అసలు విషయానికి వస్తాను. ఇప్పుడే కట్టాలా, తర్వాతా?

సాధారణంగా అందరూ చెప్పే సలహా "వడ్డీ నెలనెలా కట్టేయండి, లేకపోతే మునిగిపోతారు" అని. చక్రవడ్డీ రుణానికి ఆ సలహా నూటికి నూరుపాళ్లు నిజం. అక్కడ ఒక నెల ఆలస్యమైనా ఆ వడ్డీ పిల్లలు పెడుతుంది. బారువడ్డీ రుణానికి మాత్రం ఆ సలహా సగమే నిజం. పోగైన వడ్డీ మీద మారటోరియం ముగిసే వరకు ఏమీ పడదు కదా. అలాంటప్పుడు ఆ వడ్డీని ఈ నెలలో కట్టినా, పదకొండు నెలల తర్వాత కట్టినా, అసలులో కలిసేలోపు కడితే బ్యాంకు లెక్కలో ఫలితం ఒకటే. బారువడ్డీ ఖాతాలో మారటోరియం నాటి వడ్డీ ఆ గడువు దాకా ఉచితంగా ఆగి ఉన్న బాకీ. ఉచితంగా ఆగే బాకీని తొందరపడి తీర్చడం వల్ల మీకు కలిసివచ్చేది లేదు. ఆ డబ్బును మీ పేర ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో రికరింగ్ డిపాజిట్‌లోనో ఉంచి, గడువుకు ముందు తీసి ఒక్కసారిగా కట్టేస్తే మధ్యలో వచ్చిన డిపాజిట్ వడ్డీ మీకే మిగులుతుంది. అవసరం వస్తే చేతిలోనూ ఉంటుంది.

ఈ మాటకు మూడు షరతులున్నాయి. వాటిని పట్టించుకోకుండా సగం మాట పట్టుకువెళ్లకండి.

మొదటిది, మీరు కట్టే డబ్బును బ్యాంకు దేనికి జమ చేస్తుందో. మామూలుగా వచ్చిన డబ్బు ముందు చార్జీలకు, తర్వాత వడ్డీకి, ఆ తర్వాతే అసలుకు పోతుంది. మీకు 2 లక్షల వడ్డీ పోగై ఉంది కాబట్టి ఇప్పుడు లక్ష కడితే అది ఆ వడ్డీలోకే పోతుంది. అసలు 8 లక్షలు అలాగే ఉంటుంది, రాబోయే ఏడాది వడ్డీ 80 వేలూ అలాగే పడుతుంది. ఒకవేళ మీ బ్యాంకు మారటోరియంలో కట్టినది నేరుగా అసలుకు జమ చేస్తే కథ మారిపోతుంది. అప్పుడు ఈ రోజు కట్టిన లక్షకు ఏడాదిలో 10 వేల వడ్డీ తగ్గుతుంది, అంత ఏ డిపాజిటూ ఇవ్వదు. కనుక బ్రాంచికి వెళ్లి నోటితో అడగవద్దు. "ఇప్పుడు కట్టే మొత్తాన్ని వడ్డీకి జమ చేస్తారా, అసలుకు జమ చేస్తారా" అని ఈమెయిలులో అడిగి జవాబు తెప్పించుకోండి. లేదా 5 వేలు కట్టి చూడండి. వచ్చే నెల పడే వడ్డీ కాస్త తగ్గితే అసలుకు పోయినట్టు, రోజుల లెక్క ప్రకారం అంతే పడితే వడ్డీకి పోయినట్టు.

రెండోది, ఒక శాతం రాయితీ. చదువుకునే కాలంలోనూ ఆపైన మారటోరియం ముగిసే వరకూ వడ్డీని ఎప్పటికప్పుడు కట్టేవారికి రేటులో 1 శాతం తగ్గించవచ్చని నమూనా పథకం చెబుతుంది. ఇవ్వవచ్చు అనే అంటుంది, తప్పక ఇవ్వాలని కాదు. ఇచ్చే బ్యాంకులో మొదటి నుంచీ కట్టి ఉంటే మీ రుణానికి ఐదేళ్లలో 28 వేలు కలిసివచ్చేవి. మీరు నాలుగేళ్లుగా కట్టలేదు కాబట్టి మీకు ఆ అవకాశం దాటిపోయిందనే అనుకోండి. కొత్తగా రుణం తీసుకునేవారు మాత్రం దీన్ని ముందే అడగాలి. ఆ రాయితీ ఉంటే డిపాజిట్ లెక్క వదిలేసి నెలనెలా కట్టడమే నయం. పైగా మొదట్లో అది భారం కాదు. మీలాంటి రుణానికి మొదటి ఏడాది నెలకు 1,667, రెండో ఏడాది 3,333, మూడో ఏడాది 5,000, ఆ తర్వాత 6,667. విడతలు పెరిగే కొద్దీ వడ్డీ పెరుగుతుంది.

మూడోది మనిషి స్వభావం. విడిగా దాచిన డబ్బు దాచినట్టే ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. పెళ్లి వస్తుంది, ఇల్లు బాగుచేయించాలి, బండి కొనాలి. డిపాజిట్ వల్ల కలిసివచ్చే కొద్దిపాటి వడ్డీ కోసం దాచిన డబ్బే పోగొట్టుకునే ఇల్లు మీదైతే, లెక్క పక్కన పెట్టి ఇప్పుడే రుణఖాతాలో వేసేయండి. బ్యాంకు వాళ్లు నెలనెలా కట్టమని సలహా ఇవ్వడానికి కారణం కూడా చాలావరకు ఇదే.

సరే, చేతిలో ఎంత ఉంటే ఏమవుతుంది? 10 శాతం, పదేళ్ల గడువు అనుకుంటే గుర్తుంచుకోవడానికి ఒక తేలిక లెక్క ఉంది. మారటోరియం ముగిసే రోజు లోపు తగ్గించిన ప్రతి లక్షకు ఈఎంఐ 1,322 రూపాయలు తగ్గుతుంది, పదేళ్లలో కట్టేది సుమారు 1 లక్షా 59 వేలు తగ్గుతుంది. మీరు రాబోయే ఏడాది వడ్డీ 80 వేలు మాత్రమే కట్టగలిగినా బాకీ 10 లక్షల దగ్గర ఆగిపోతుంది, ఈఎంఐ 13,215 అవుతుంది. పోగైన 2 లక్షల 80 వేలూ తీర్చగలిగితే 10,572. ఇది కడితే అంతా కట్టాలి, లేకపోతే ఏమీ కట్టకూడదు అన్న వ్యవహారం కాదు. ఎంత తగ్గిస్తే అంత మేరకే ఫలితం, మధ్యలో మెట్టు ఏదీ లేదు. అందువల్ల అప్పు చేసి, ముఖ్యంగా 10 శాతం కంటే ఎక్కువ వడ్డీకి బంగారం తాకట్టు పెట్టి మరీ దీన్ని తీర్చవద్దు. ఖరీదైన అప్పుతో చవకైన అప్పు తీర్చినట్టవుతుంది.

అప్పు గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. ఆ 1 లక్షా 64 వేల అదనపు భారాన్ని జనం బ్యాంకు దోపిడీ అంటారు. నిజానికి అది 2 లక్షల 80 వేలను పదేళ్లపాటు 10 శాతానికి వాడుకున్నందుకు ఇచ్చే వడ్డీయే. మీ దగ్గర ఆ డబ్బు లేదు, ఉన్నా అంతకంటే ముఖ్యమైన అవసరానికి పోయింది అంటే, వడ్డీని అసలులో కలవనివ్వడం తప్పేమీ కాదు. తప్పు ఎక్కడంటే, బ్యాంకు పొదుపు ఖాతాలో నామమాత్రపు వడ్డీకి 3 లక్షలు పడి ఉండగా మారటోరియం ముగిసే రోజును దాటనివ్వడం.

ఇవన్నీ చేసేముందు ఒకటి నిర్ధారించుకోండి. రుణం తీసుకున్నప్పుడు మీ కుటుంబ వార్షికాదాయం 4 లక్షల 50 వేల లోపు ఉండి, దేశంలోనే ఇంజనీరింగు వంటి వృత్తి విద్యా కోర్సు చదివి ఉంటే, కేంద్ర ప్రభుత్వపు వడ్డీ రాయితీ పథకం మీకు వర్తించవచ్చు. అందులో మారటోరియం కాలపు వడ్డీని ప్రభుత్వమే భరిస్తుంది. ఆదాయ ధ్రువపత్రం ఇచ్చారా, బ్యాంకు మీ తరఫున క్లెయిము పెట్టిందా అని అడగండి. స్టేట్‌మెంటులో వడ్డీ రాయితీ జమ ఒక్కసారి కూడా కనబడకపోతే క్లెయిము వెళ్లలేదని అనుమానించాలి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి కూడా 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది, కానీ అది ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరేవారికి. ఎవరికైనా ఒకటి గుర్తుండాలి, ఈ రాయితీలన్నీ మారటోరియం వరకే. ఈఎంఐ మొదలయ్యాక పడే వడ్డీని మీరే కట్టుకోవాలి.

ఉద్యోగం రావడం ఆలస్యమైతే మారటోరియం గడువు పొడిగించమని అడగాలనిపిస్తుంది. బ్యాంకు ఒప్పుకోవచ్చు కూడా. ఆ ఏడాది కూడా 80 వేల వడ్డీ పోగవుతుందని తెలిసి అడగండి. అప్పుడు అసలులో కలిసేది 3 లక్షల 60 వేలు, ఈఎంఐ 15,329. ఇల్లు గడవని పరిస్థితిలో వాయిదా తప్పి ఖాతా పాడవడం కంటే పొడిగింపే మేలు. ఉద్యోగం ఉండి కూడా "ఇంకా టైముంది కదా" అని అడగడం మాత్రం తెలివైన పని కాదు. అలాగే ఈఎంఐ తగ్గుతుందని గడువును 15 ఏళ్లకు పెంచమంటే 10 లక్షల 80 వేలకు ఈఎంఐ 11,606 అవుతుంది నిజమే, కానీ మొత్తం కట్టేది 17 లక్షల 13 వేల నుంచి 20 లక్షల 89 వేలకు పోతుంది.

దానికంటే నయమైన దారి ఒకటుంది. వ్యక్తులు వ్యాపారానికి కాకుండా తీసుకున్న మారే రేటు రుణాన్ని ముందుగా తీర్చినందుకు బ్యాంకులు గానీ ఫైనాన్స్ కంపెనీలు గానీ జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. కాబట్టి జీతం వచ్చాక అబ్బాయి ఈఎంఐకి తోడు నెలకు 5 వేలు అదనంగా వేయగలిగితే 120 నెలల రుణం 76 నెలల్లో తీరిపోతుంది, దాదాపు 2 లక్షల 50 వేలు మిగులుతాయి. అసలులో కలిసిపోయిన వడ్డీ వల్ల పడిన అదనపు భారమంతా ఇలా తిరిగి వచ్చేస్తుంది. అదనంగా కట్టిన ప్రతిసారీ "ఇది ముందస్తు వాయిదా కాదు, అసలు తగ్గించండి, గడువు కుదించండి" అని రాసి ఇవ్వాలి. లేకపోతే దాన్ని రాబోయే నెల వాయిదాగా పక్కన పెట్టడమో, గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించడమో జరగవచ్చు.

మారటోరియంలో వడ్డీ కట్టకపోతే సిబిల్ స్కోరు దెబ్బతింటుందా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి అదీ చెబుతాను. మీ ఒప్పందంలో వడ్డీ కట్టడం ఐచ్ఛికమైతే దెబ్బతినదు, అది ఎగవేత కాదు. కానీ కొన్ని ప్రైవేటు రుణాల్లో చదువుకునే కాలంలోనే నెలనెలా వడ్డీ, లేదా ఒక నిర్ణీత మొత్తం, తప్పనిసరిగా కట్టాలని రాసి ఉంటుంది. అక్కడ ఒక నెల తప్పినా బకాయి కిందికే వస్తుంది. తల్లి లేదా తండ్రి సహరుణగ్రహీతగా సంతకం చేసి ఉంటారు కాబట్టి దెబ్బ ఇద్దరి స్కోరుకూ తగులుతుంది.

ఆదాయపు పన్ను విషయం తక్కువలో చెబుతాను. విద్యారుణ వడ్డీపై వచ్చే పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే. కట్టిన వడ్డీకి పరిమితి లేదు కానీ, వడ్డీ కట్టడం మొదలుపెట్టిన సంవత్సరంతో కలిపి 8 ఏళ్లే. ఇప్పుడు కొంత వడ్డీ కడితే ఆ ఎనిమిదేళ్ల లెక్క ఇప్పుడే మొదలవుతుంది. సహరుణగ్రహీతగా మీరే కట్టి, మీకు పన్ను ఉండి, పాత విధానంలో ఉంటే ఇబ్బంది లేదు. ఆదాయం లేని అబ్బాయి పేరున కడితే ఒక ఏడాది వృథా అయినట్టే.

ఇక మీరు ఈ వారంలో చేయవలసిన పని: బ్రాంచికి ఈమెయిలు రాసి నాలుగు విషయాలు రాతపూర్వకంగా తెప్పించుకోండి. మారటోరియం ముగిసే కచ్చితమైన తేదీ, వడ్డీని అసలులో కలిపే తేదీ, ఈ రోజుకు అసలు ఎంత, పోగైన వడ్డీ ఎంత. మొదటి రెండు తేదీలూ ఒకటే అయి ఉండాలి. కోర్సు ముగిసిన తేదీని బ్యాంకు తన రికార్డులో ఎలా నమోదు చేసిందో కూడా చూడండి. చివరి పరీక్ష తేదీనో, మంజూరు నాడు అంచనాగా రాసిన నెలనో పెట్టి ఉంటారు, అక్కడే రెండు మూడు నెలల తేడా వస్తుంది. కట్టాలనుకున్న మొత్తాన్ని చివరి రోజు దాకా పెట్టుకోకుండా కనీసం పది పదిహేను రోజులు ముందుగా వేసి, అది వడ్డీ కింద జమ అయిందని స్టేట్‌మెంటులో చూసుకోండి. ఒకసారి ఈఎంఐ పట్టిక తయారయ్యాక కట్టిన డబ్బు అసలును తగ్గిస్తుంది గానీ ఈఎంఐ దానంతట అది తగ్గదు, దానికి మళ్లీ దరఖాస్తు పెట్టుకుని తిరగాలి.